స్టాండర్డా, మినిమం సైజా, హై క్వాలిటీయా: పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు నిజంగా మారేది ఏమిటి?

వర్డ్‌లో రాసుకున్న పత్రాన్ని పీడీఎఫ్‌గా సేవ్ చేయబోయే చాలామంది ఒక చిన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు. స్టాండర్డ్ ఎంచుకోవాలా, మినిమం సైజ్ ఎంచుకోవాలా? మినిమం ఎంచుకుంటే అక్షరాలు పాడవుతాయని కొందరు భయపడతారు. స్టాండర్డ్ ఎంచుకుంటే ఏదీ పోదని మరికొందరు ధీమాగా ఉంటారు. ఈ భయానికీ ధీమాకూ రెండింటికీ పెద్దగా ఆధారం లేదు. ఈ ఎంపికలు ప్రధానంగా తాకేది పత్రంలోని చిత్రాలను. ఆ చిత్రాల నాణ్యతలో కొంత భాగం ఈ ప్రశ్న తెర మీదికి రావడానికి ముందే పోయి ఉండవచ్చు.

## ఒకే పేరు, వేర్వేరు అర్థాలు

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో విండోస్ మీద కనిపించే ఎంపికలు రెండే. Save As పెట్టెలో ఫైలు రకంగా పీడీఎఫ్‌ను ఎంచుకోగానే Optimize for అనే మాట కింద Standard, Minimum size అని వస్తాయి. మొదటిదాని పక్కన ఆన్‌లైన్‌లో పెట్టడానికీ ముద్రణకూ అని, రెండోదాని పక్కన ఆన్‌లైన్‌లో పెట్టడానికి అని మాత్రమే రాసి ఉంటుంది. వర్డ్‌లో మ్యాక్రోలు రాసేవారికి ఇవే రెండు వేరే పేర్లతో పరిచయం: `wdExportOptimizeForPrint`, `wdExportOptimizeForOnScreen`. అంటే ఒకటి ముద్రణ కోసం, ఒకటి తెర కోసం. నా దృష్టిలో పెట్టెలో కనిపించే పేర్లకంటే ఈ లోపలి పేర్లే నిజాయితీగా ఉన్నాయి.

హై క్వాలిటీ అనే మూడో పేరు వర్డ్ సొంత పెట్టెలో ఉండదు. అడోబీ అక్రోబాట్ కొనుక్కున్న కంప్యూటర్లలో వర్డ్ రిబ్బన్ మీద అక్రోబాట్ ట్యాబ్ ఒకటి చేరుతుంది, ఆ పేరు అక్కడిది. ఆ ట్యాబ్ అమరికల్లో Standard, Smallest File Size, High Quality Print అనేవి విడివిడిగా ఉంటాయి. వీటి వెనక ఉన్న అంకెలను అడోబీ దాచదు. రంగు చిత్రాలను Smallest File Size అంగుళానికి 100 పిక్సెళ్లకు, Standard 150కి, High Quality Print 300కి తగ్గిస్తాయి. అప్పటికే అంతకంటే తక్కువ ఉన్న చిత్రాన్ని పెంచవు.

ఇక్కడే మొదటి చిక్కు ఉంది. వర్డ్ స్టాండర్డ్ ముద్రణను ఉద్దేశించింది. అక్రోబాట్ స్టాండర్డ్ ఆఫీసు ప్రింటర్‌కు సరిపడే మధ్యస్థ స్థాయి, అక్కడ మేలురకం ముద్రణకు హై క్వాలిటీ వేరుగా ఉంది. కాబట్టి ఎవరైనా ఫోన్‌లో “స్టాండర్డ్‌లో పంపండి” అన్నప్పుడు ఏ ప్రోగ్రాములోని స్టాండర్డ్ అన్నది తేలకపోతే ఆ మాటకు కచ్చితమైన అర్థం లేదు. మ్యాక్‌లోని వర్డ్ ఇంకో దారి తొక్కింది. అక్కడ ఎలక్ట్రానిక్ పంపిణీకి మేలైనది, ముద్రణకు మేలైనది అని రెండు ఎంపికలు ఉంటాయి. మొదటిది పత్రాన్ని మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ సేవకు పంపి అక్కడ మార్పించి తెస్తుంది. రహస్య పత్రాలతో పనిచేసేవారు ఈ సంగతిని గమనించాలి.

లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఈ పేర్లేవీ ఉండవు, నేరుగా అంకెలే ఉంటాయి. Export as PDF పెట్టెలో చిత్రాలకు JPEG పద్ధతి ఎంచుకుంటే నాణ్యత 90 శాతం అని, రిజల్యూషన్‌ను 300కు తగ్గించు అని ముందే నింపి ఉంటాయి. 75, 150, 600, 1200 కూడా జాబితాలో దొరుకుతాయి. మొదటిసారి చూసేవారికి ఆ పెట్టె బెదురు పుట్టించవచ్చు, కానీ ఏం జరగబోతోందో సూటిగా చెప్పేది అదే.

## పీడీఎఫ్‌లో అక్షరం వేరు, బొమ్మ వేరు

పీడీఎఫ్ పేజీలో అక్షరాలు సాధారణంగా చుక్కలుగా ఉండవు. ప్రతి అక్షరరూపమూ ఫాంటులో ఒక గీతల వర్ణనగా ఉంటుంది. ఏ వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే లెక్క అది. వర్డ్ పీడీఎఫ్‌ను తయారు చేసేటప్పుడు పత్రంలో వాడిన అక్షరరూపాలను మాత్రం ఫాంటులోంచి తీసి ఫైలులో పొదుగుతుంది. నిర్మలా యూఐలో రాసినా, గౌతమిలో రాసినా, మండలిలో రాసినా ఇదే పద్ధతి. పాఠకుడు పేజీని ఎంత పెద్దది చేసి చూసినా ఆ లెక్క ప్రకారం అక్షరం మళ్లీ కొత్తగా గీయబడుతుంది కాబట్టి అంచులు చెదరవు.

చిత్రం అలా కాదు. అది అడ్డం ఇన్ని, నిలువు ఇన్ని అని లెక్కపెట్టి పేర్చిన రంగు చుక్కల పట్టిక. ఆ చుక్కల సంఖ్యను తగ్గిస్తే ఫైలు చిన్నదవుతుంది, వివరం పోతుంది. స్టాండర్డ్, మినిమం అనే ఎంపికలు పనిచేసేది ఈ పట్టికల మీద. బొమ్మ ఒక్కటి కూడా లేని ఇరవై పేజీల తెలుగు వ్యాసాన్ని రెండు రకాలుగానూ సేవ్ చేసి పోల్చి చూడండి. పరిమాణంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు, అక్షరాల్లో అసలే కనిపించదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కొన్ని ఫాంట్ల లైసెన్సు వాటిని పీడీఎఫ్‌లో పొదగనివ్వదు. అలాంటప్పుడు వర్డ్ అక్షరాలను బొమ్మగా మార్చి పెట్టగలదు. Options పెట్టెలో Bitmap text when fonts may not be embedded అనే గడి చేసే పని అదే. అప్పుడు అక్షరం కూడా చుక్కల పట్టిక అయిపోతుంది. పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ చేసి వేరేచోట అతికిస్తే ఒత్తులు తారుమారై రావడం మాత్రం వేరే సమస్య. పొదిగిన అక్షరరూపాన్ని తిరిగి యూనికోడ్ అక్షరాలతో ముడిపెట్టే పట్టికలో లోపం ఉంటే అలా జరుగుతుంది, మినిమం మాని స్టాండర్డ్ ఎంచుకున్నా అది బాగుపడదు.

## ఒక ఫోటో, ఐదు లెక్కలు

చిత్రం నాణ్యతను కొలిచే మాట పీపీఐ, అంటే ఒక అంగుళం పొడవులో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయన్నది. ఇది ఫోటోకు పుట్టుకతో వచ్చే గుణం కాదు. ఫోటోను పేజీ మీద ఎంత వెడల్పున పెట్టామన్న దాన్ని బట్టి మారుతుంది. ఉన్న పిక్సెళ్లను ఆ అంగుళాలతో భాగిస్తే వచ్చేదే పీపీఐ.

ఒక ఉదాహరణతో చూద్దాం. డిగ్రీ చదివే ఒక అమ్మాయి తన ఊరి చెరువు మీద ప్రాజెక్టు నివేదిక రాసిందనుకుందాం. ఇరవై పేజీలు, ఫోన్‌తో తీసిన ఎనిమిది ఫోటోలు, ఎక్సెల్‌లో గీసిన ఒక చార్టు, పంచాయతీ ఇచ్చిన అనుమతి ఉత్తరం స్కాను ఒకటి. ఒక్కో ఫోటోలో 4000 అడ్డం, 3000 నిలువు పిక్సెళ్లున్నాయి, అంటే కోటీ ఇరవై లక్షలు. పేజీ మీద ఒక్కోదాన్ని 5 అంగుళాల వెడల్పున పెట్టింది. 4000ను 5తో భాగిస్తే 800. ఇది ముద్రణకు కావలసిన దానికంటే చాలా ఎక్కువ.

దీన్ని 300 పీపీఐకి తగ్గిస్తే 1500 × 1125 పిక్సెళ్లు మిగులుతాయి, మొత్తం దాదాపు 17 లక్షలు. 220కి తగ్గిస్తే 1100 × 825, అంటే 9 లక్షల చిల్లర. 150 దగ్గర 750 × 562తో 4.2 లక్షలు. 100 దగ్గర 500 × 375తో 1.9 లక్షల లోపు. పీపీఐ సగమైతే పిక్సెళ్లు సగం కావు, నాలుగో వంతు అవుతాయి, ఎందుకంటే అడ్డం, నిలువు రెండూ సగమవుతాయి. ఫైలు పరిమాణం ఒక్కసారిగా పడిపోవడానికి కారణం ఇదే.

జేపెగ్ పద్ధతిలో కుదించిన ఫోటోకు పిక్సెల్ ఒక్కింటికి సుమారు పావు బైటు పడుతుందని స్థూలంగా అనుకుందాం. అసలు లెక్క ఫోటోను బట్టి మారుతుంది. చెట్ల ఆకులు, నీటి అలలు ఉంటే పెరుగుతుంది, ఖాళీ ఆకాశమైతే తగ్గుతుంది. ఈ అంచనాతో ఎనిమిది ఫోటోలను అసలు పిక్సెళ్లతో యథాతథంగా ఉంచితే 24 ఎంబీ అవుతుంది. జీమెయిల్ జోడింపులకు పెట్టిన 25 ఎంబీ హద్దు అంచున కూర్చుంటుంది. 300 దగ్గర అది దాదాపు 3.4 ఎంబీ, 220 దగ్గర 1.8 ఎంబీ, 150 దగ్గర 0.85 ఎంబీ, 100 దగ్గర 0.4 ఎంబీ లోపు. 24 నుంచి 3.4కు దిగినప్పుడు కాగితం మీద ఎవరి కంటికీ తేడా అందదు. 0.85 నుంచి 0.4కు దిగినప్పుడు మిగిలేది అర ఎంబీయే అయినా చెరువు గట్టు మీది రాళ్లు మసకబారతాయి. పరిమాణంలో పెద్ద లాభం మొదటి మెట్టులో వస్తుంది, నాణ్యతలో పెద్ద నష్టం చివరి మెట్టులో వస్తుంది.

300 అనే అంకెకు మూలం అచ్చు యంత్రాల దగ్గర ఉంది. ఆఫ్‌సెట్ ముద్రణలో ఫోటోను సన్నని చుక్కల వరుసలుగా విడగొట్టి అచ్చువేస్తారు. మంచి కాగితం మీద అంగుళానికి 150 వరుసలు మామూలు, చిత్రంలో దానికి రెట్టింపు పిక్సెళ్లుంటే చాలన్నది పాత లెక్క. తెరకు అంత అక్కర్లేదు. ఫోన్ తెర అడ్డంగా 1080 పిక్సెళ్లనుకుందాం. 8.27 అంగుళాల ఏ4 పేజీ మొత్తం ఆ వెడల్పులో ఇమిడినప్పుడు పేజీలోని ఒక అంగుళానికి తెర మీద దక్కేది 131 పిక్సెళ్లే. మన 5 అంగుళాల ఫోటోకు 653 పిక్సెళ్లు వస్తాయి. 150 పీపీఐ చిత్రంలో 750 ఉన్నాయి కాబట్టి ఫోన్‌లో చదివే మాస్టారికి ఏ లోటూ ఉండదు. ఆయన రెండు వేళ్లతో పెద్దది చేసి చూసినప్పుడు మాత్రం తేడా బయటపడుతుంది.

చార్టు సంగతి తేలిక. ఎక్సెల్ నుంచి దాన్ని చార్టుగానే అతికిస్తే పీడీఎఫ్‌లో గీతలుగా వెళుతుంది, ఏ ఎంపికా దాన్ని చెడగొట్టదు. స్క్రీన్‌షాట్ తీసి అతికిస్తే అది కూడా ఫోటోల పంక్తిలో చేరుతుంది.

## స్కాను చేసిన ఉత్తరం: ఒత్తులకు దక్కే చోటు

ఫోటో కొంత మసకబారినా బొమ్మ అర్థమవుతుంది. అక్షరాల బొమ్మ మసకబారితే చదవడం ఆగిపోతుంది. అందుకే ఈ నివేదికలో అసలైన పరీక్ష ఫోటోలకు కాదు, పంచాయతీ ఉత్తరానికి.

ఆ ఉత్తరాన్ని ఏ4 కాగితం నుంచి 300 పీపీఐతో స్కాన్ చేస్తే 2480 × 3508 పిక్సెళ్ల బొమ్మ వచ్చింది. అక్షరాలు 10 పాయింట్ల పరిమాణంలో ఉన్నాయనుకుందాం. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. కాబట్టి అక్షరానికి కేటాయించిన ఎత్తు 0.14 అంగుళం, స్కానులో 42 పిక్సెళ్లు. అందులో ఒత్తుకు మూడో వంతు వేసుకుంటే 14 పిక్సెళ్లు. “రాష్ట్ర” అనే మాటలో కింద చేరే ఒత్తులు విడివిడిగా కనపడటానికి ఇది చాలు.

ఆమె ఆ బొమ్మను వర్డ్ పేజీలో పెట్టింది. రెండు వైపులా అంగుళం చొప్పున అంచులు పోగా మిగిలింది 6.27 అంగుళాలు. ఉత్తరం ముప్పావు వంతు పరిమాణానికి కుదించుకుపోయింది, 10 పాయింట్ల అక్షరం 7.6 పాయింట్లయింది. పిక్సెళ్లు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి, ఇప్పుడు అంగుళానికి 395. దీన్ని 300కు తగ్గిస్తే అక్షరానికి 32 పిక్సెళ్లు, ఒత్తుకు 10. ఇబ్బంది లేదు. 150కి తగ్గిస్తే అక్షరానికి 16, ఒత్తుకు 5. కష్టపడి చదవవచ్చు. 100కి తగ్గిస్తే అక్షరానికి దాదాపు 10, ఒత్తుకు 3 లేదా 4. ఆ మూడు చుక్కల్లో ఏ ఒత్తైనా ఒకటే మచ్చ. ద, ధలను వేరు చేసేది కింద ఉన్న చిన్న గీత, థ, ధలను వేరు చేసేది లోపలి చుక్క. ఇవి ఒక పిక్సెల్‌లోపే కరిగిపోతాయి. ఇంగ్లిషు పెద్దక్షరాల ఉత్తరం ఇదే స్థాయిలో ఇంకా చదవగలిగేలా ఉండవచ్చు. ఇంగ్లిషు పత్రాల అనుభవంతో ఇచ్చే “100 చాలు” అనే సలహాను తెలుగు స్కాన్ల విషయంలో యథాతథంగా తీసుకోకూడదనడానికి కారణం ఇదే.

దీని మీద జేపెగ్ దెబ్బ కూడా తోడవుతుంది. జేపెగ్ చిత్రాన్ని 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడిలోని సన్నని మార్పులను వదిలేస్తుంది. ఫోటోలో రంగులు మెల్లగా మారతాయి కాబట్టి అది కంటికి ఆనదు. తెల్ల కాగితం మీద నల్ల సిరా అంచు దగ్గర మార్పు ఒక్కసారిగా ఉంటుంది, అందువల్ల అక్షరం చుట్టూ దోమలు ముసిరినట్టు బూడిదరంగు మచ్చలు వస్తాయి. స్క్రీన్‌షాట్లకూ ఇదే గతి. లిబ్రేఆఫీస్‌లో Lossless compression అనే ఎంపిక ఉన్నది ఇలాంటి బొమ్మల కోసమే. కానీ అది పత్రం మొత్తానికి వర్తిస్తుంది, ఫోటోలు ఎక్కువున్న ఫైలు బాగా ఉబ్బిపోవచ్చు.

## ఎంపిక పెట్టె తెరవకముందే జరిగే నష్టం

ఇప్పుడు ఎక్కువమంది గమనించని చోటికి వద్దాం. వర్డ్ పీడీఎఫ్ చేసేటప్పుడే కాదు, మామూలుగా సేవ్ చేసేటప్పుడు కూడా చిత్రాలను తగ్గిస్తుంది. File, Options, Advanced వరుసలో Image Size and Quality అనే భాగం ఉంది. అక్కడ సాధారణంగా 220 పీపీఐ అని పెట్టి ఉంటుంది. అంటే 4000 పిక్సెళ్ల ఫోటోను 5 అంగుళాల వెడల్పున పెట్టి పత్రాన్ని సేవ్ చేసి మూసేస్తే, మళ్లీ తెరిచేసరికి లోపల 1100 పిక్సెళ్లే మిగిలి ఉండవచ్చు.

5 అంగుళాల్లోనే ఉంచితే ఇది పెద్ద నష్టం కాదు. అసలు ఉచ్చు వేరే ఉంది. మన విద్యార్థిని మొదట ఫోటోను పక్కన 2 అంగుళాల చిన్న బొమ్మగా పెట్టి సేవ్ చేసిందనుకుందాం. అప్పుడు మిగిలేది 440 పిక్సెళ్లు. వారం తర్వాత మాస్టారు “బొమ్మ పెద్దది చెయ్యమ్మా” అన్నారని దాన్ని 6 అంగుళాలకు లాగింది. 440ని 6తో భాగిస్తే 73. ఇప్పుడు స్టాండర్డ్ ఎంచుకున్నా, అక్రోబాట్ హై క్వాలిటీ ఎంచుకున్నా వచ్చేది 73 పీపీఐ ఫోటోనే. పోయిన పిక్సెళ్లను ఏ ఎంపికా పుట్టించదు. ఆమె “హై క్వాలిటీలోనే చేశాను, అయినా మసగ్గా ఉంది” అని వాపోతే ఆ మాట అబద్ధం కాదు, తప్పు మాత్రం చివరి పెట్టెలో జరగలేదు.

దీనికి విరుగుడు పని మొదట్లోనే చేయాలి. అదే భాగంలో Do not compress images in file అనే గడిలో టిక్కు పెడితే ఆ పత్రం వరకు వర్డ్ ఫోటోలను ముట్టుకోదు. డాక్ ఫైలు బరువెక్కుతుంది, అది దానికి చెల్లించే ధర. అప్పటికే పోయిన ఫోటోను తొలగించి అసలు ఫైలును మళ్లీ చొప్పించడం తప్ప దారి లేదు. ఆ అసలు ఫైలు వాట్సాప్‌లో ఫోటోగా వచ్చినదైతే అది కూడా దారిలో చిక్కిపోయినదే. డాక్యుమెంటుగా పంపించమని అడిగి తెప్పించుకోవాలి.

వర్డ్‌లో Picture Format ట్యాబ్ కింద Compress Pictures అని ఒకటి ఉంది. అందులో 330, 220, 150, 96 అనే మెట్లు ఉంటాయి. వర్డ్ పీడీఎఫ్ పెట్టె చూపించని అంకెలు ఇక్కడ కనిపిస్తాయి. ఎంత తగ్గాలన్నది స్వయంగా నిర్ణయించుకోవాలనుకునేవారు పత్రం నకలు ఒకటి తీసి, ఒక్కో బొమ్మను ఇక్కడ తగ్గించి, ఆ తర్వాత స్టాండర్డ్‌లో సేవ్ చేస్తారు. ఫోటోలకు 150, ఉత్తరానికి 330 అని విడివిడిగా ఇచ్చే వీలుండటమే దీనిలోని మేలు. పీడీఎఫ్ పెట్టెలోని ఎంపిక అన్ని బొమ్మలనూ ఒకే గాటన కడుతుంది.

## పెద్దది చేసి తగ్గించుకోవడమా, రెండుసార్లు చేయడమా

ఈ విషయంలో అనుభవజ్ఞులు రెండు వర్గాలు. ఎప్పుడూ అత్యుత్తమ నాణ్యతలో ఒక పీడీఎఫ్ చేసి ఉంచుకోవాలని, అవసరం పడినప్పుడు దాన్నే కుదించే పనిముట్టుతో చిన్నది చేసుకోవచ్చని ఒక వర్గం అంటుంది. పెద్దదాన్ని చిన్నది చేయవచ్చు గాని చిన్నదాన్ని పెద్దది చేయలేమన్నది వారి వాదన, అది కాదనలేనిది. రెండేళ్ల తర్వాత డాక్ ఫైలు దొరక్కపోవచ్చు, దొరికినా అప్పటి ఫాంటు కొత్త కంప్యూటర్‌లో లేక పేజీలు చెదిరిపోవచ్చు. అలాంటప్పుడు చేతిలో ఉన్న మంచి పీడీఎఫ్ నిజంగా ఆదుకుంటుంది.

రెండో వర్గం మాట కూడా తీసిపారేసేది కాదు. పీడీఎఫ్‌లో ఒకసారి జేపెగ్ అయిన చిత్రాన్ని మళ్లీ కుదిస్తే అది రెండోసారి జేపెగ్ అవుతుంది, మొదటి దెబ్బ మచ్చల మీద రెండో దెబ్బ మచ్చలు పడతాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా కుదించిపెట్టే సైట్లకు ఆధార్ నకళ్లు, మార్కుల జాబితాలు ఎక్కించడం మరో ప్రమాదం. మూల పత్రం చేతిలో ఉండగా ఒకసారి స్టాండర్డ్‌లో, ఒకసారి మినిమంలో రెండు ఫైళ్లు తీసుకోవడం శుభ్రమైన పని అంటారు. మూల పత్రం ఉన్నంతకాలం నాకు రెండో పద్ధతే మేలుగా కనిపిస్తుంది. ఆ పత్రం రేపు ఉంటుందో లేదో చెప్పలేని ఆఫీసుల్లో మొదటిది.

ఈ చర్చలోకి తరచు లాక్కొచ్చే పీడీఎఫ్/ఏ నిజానికి వేరే కోవలోనిది. అది ఎక్కువకాలం భద్రపరచడానికి పెట్టిన నియమాల కట్ట. ఫాంట్లన్నీ లోపలే ఉండాలని, పాస్‌వర్డ్‌తో తాళం వేయకూడదని అది చెబుతుంది, ఫోటో ఎంత స్పష్టంగా ఉండాలో చెప్పదు. మినిమం సైజ్ పీడీఎఫ్ కూడా పీడీఎఫ్/ఏ కావచ్చు. తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వినే చూపులేని పాఠకులకు కావలసిన నిర్మాణపు గుర్తులు కూడా Options పెట్టెలో వేరే గడి. పరిమాణం తగ్గించాలని దాన్ని తీసేస్తే మిగిలేది తక్కువ, ఆ పాఠకులకు పోయేది ఎక్కువ.

## ఫైలునే అడగడం

వర్డ్ అంకెలు చెప్పదు కాబట్టి వచ్చిన పీడీఎఫ్‌నే అడగాలి. తేలికైన పరీక్ష 400 శాతానికి పెద్దది చేసి చూడటం. మామూలు వాక్యాల అంచులు కత్తితో కోసినట్టుండి, బొమ్మల్లో మాత్రం మెట్లు కనిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే. వాక్యాల్లో కూడా మెట్లు కనిపిస్తే, మౌస్‌తో మాటను ఎంచుకోబోతే ఎంపిక కాకపోతే, ఆ పేజీలో అక్షరాలు బొమ్మగా మారాయని అర్థం. అక్రోబాట్ రీడర్‌లో File, Properties, Fonts దగ్గర ఫాంటు పేరు పక్కన Embedded Subset అని ఉంటే ఆ ఫాంటులోని అక్షరరూపాలు లోపల ఉన్నాయి.

కచ్చితమైన అంకెలు కావాలంటే పాప్లర్ అనే ఉచిత పనిముట్ల కట్టలోని రెండు ఆదేశాలు చాలు. లినక్స్‌లో ఇవి చాలాచోట్ల ముందే ఉంటాయి.

```
pdfimages -list cheruvu.pdf
pdffonts cheruvu.pdf
```

రెండోది ఫైలులోని ఫాంట్ల జాబితా ఇచ్చి, అవి లోపల పొదిగి ఉన్నాయో లేదో చెబుతుంది. మొదటిది ఒక్కో బొమ్మకు ఒక వరుస ఇస్తుంది. width, height గడుల్లో పిక్సెళ్లు, enc గడిలో కుదింపు పద్ధతి, x-ppi, y-ppi గడుల్లో పేజీ మీద దక్కిన పీపీఐ, size గడిలో ఆ బొమ్మ ఆక్రమించిన చోటు ఉంటాయి. చెరువు నివేదికలో ఫోటోల వరుసలు 150 దగ్గరా, ఉత్తరం వరుస 300 పైనా కనిపిస్తే ఆ ఫైలు మెయిల్‌కూ, చదవడానికీ పనికొస్తుంది. ఫైలు 5 ఎంబీ ఉందని బాధపడుతుంటే అందులో 4 ఎంబీ ఏ ఒక్క బొమ్మ మింగిందో size గడి చెప్పేస్తుంది. చాలాసార్లు అది ఫోటో కూడా కాదు, ప్రతి పేజీ పైన చిన్నగా పెట్టిన కాలేజీ లోగో. 4000 పిక్సెళ్ల లోగోను అంగుళం వెడల్పున పెట్టారని ఆ వరుసలోని x-ppi గడి 4000 అని పట్టిస్తుంది. అలాంటి ఫైలుకు మినిమం సైజ్ ఎంచుకుంటే లోగోతో పాటు పంచాయతీ ఉత్తరం కూడా బలవుతుంది. లోగో ఒక్కదాన్నే 330కి తగ్గించి మళ్లీ స్టాండర్డ్‌లో సేవ్ చేస్తే ఉత్తరంలోని ఒత్తులు ఉన్నచోటే ఉంటాయి.